గీత ఆగిన చోటు, మనం నిలబడిన చోటు: ఒక చార్టు మీద టెన్సుల కేస్ స్టడీ

చార్టులో ఉన్నవి రెండే గీతలు. ఒకటి భారతదేశ జనాభాలో పల్లెల్లో ఉండేవారి శాతం, రెండోది పట్టణాల్లో ఉండేవారి శాతం. 1951లో పల్లెల వాటా 82.7, పట్టణాల వాటా 17.3. పట్టణాల గీత 1971లో 19.9 దగ్గర, 1991లో 25.7 దగ్గర, 2011 జనగణనలో 31.2 దగ్గర ఉంటుంది. పల్లెల గీత అదే మేరకు కిందికి దిగుతూ 2011లో 68.8కి వస్తుంది. అక్కడి వరకు గీతలు నిండుగా ఉంటాయి. ఆ తరవాత రెండూ చుక్కల గీతలుగా మారి 2050 దగ్గర ఆగుతాయి: పట్టణాలు 52.8, పల్లెలు 47.2. ఈ చివరి అంకెలు ఐక్యరాజ్య సమితి 2018లో వెలువరించిన పట్టణీకరణ అంచనాల్లోవి. జనగణన అంకెలకు ఆ అంచనాను జోడించి క్లాసు కోసం నేను గీసిన చార్టు ఇది.

ఇంగ్లిషు వ్యాకరణం చెప్పేవాడికి ఇంతకంటే అనువైన చార్టు దొరకదు. ఒక గీత పడుతుంది, ఒకటి లేస్తుంది, రెండూ ఎక్కడో ఒకచోట దాటుకుంటాయి. కొంత భాగం జరిగిపోయింది, కొంత భాగం జరగాల్సి ఉంది. జరిగిపోయిన భాగం కూడా ఈనాటి దాకా రాకుండా 2011లోనే ఆగిపోయింది. ఈ కేసుకు మూలమంతా ఆ ఆగిపోవడంలోనే ఉంది.

ఈ చార్టును ఇంగ్లిషులో వర్ణిస్తూ రాసినది ఒక నర్సు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావడానికి ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్ష రాస్తున్నారు. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ చదవడం, వినడం, మాట్లాడటం మూడింటిలో 7, రాయడంలో 6.5 బ్యాండ్ అడుగుతుంది. మిగతా మూడూ ఆమెకు వచ్చేవి, రాతలో మాత్రం అర బ్యాండ్ తగ్గేది. రాత పరీక్షలో మొదటి ప్రశ్న, అంటే టాస్క్ 1, ఇలాంటి చార్టును కనీసం 150 పదాల్లో వర్ణించమంటుంది. దానికి సుమారు 20 నిమిషాలు. ఆమె పదజాలం బాగుంది, అంకెలు తప్పు చదవరు, పేరాలు సరిగ్గా విడగొడతారు. అందుకే ఆమె రాత మీద కూర్చోవడం నాకు ఉపయోగపడింది. మిగతావన్నీ సరిగ్గా ఉన్నప్పుడు ఒకే జబ్బు స్పష్టంగా కనబడుతుంది.

ఈ చార్టు మీద ఆమె మొదటి రాతలోంచి ఐదు వాక్యాలు ఇవి. ఉన్నవి ఉన్నట్టుగా, తెలుగు లిపిలో:

"ద గ్రాఫ్ షోడ్ ద రూరల్ అండ్ అర్బన్ పాపులేషన్ ఆఫ్ ఇండియా."

"ద అర్బన్ షేర్ హ్యాడ్ రైజెన్ స్లోలీ బిట్వీన్ 1951 అండ్ 1971."

"ఇట్ ఈజ్ ఇంక్రీజింగ్ ఫ్రమ్ 1991 టు 2011."

"ద రూరల్ షేర్ హ్యాజ్ ఫాలెన్ ఫ్రమ్ 82.7 పర్సెంట్ ఇన్ 1951 టు 68.8 పర్సెంట్ ఇన్ 2011."

"ద అర్బన్ షేర్ విల్ రీచ్ టు 52.8 పర్సెంట్ ఇన్ 2050."

అర్థం కాని వాక్యం ఒక్కటీ లేదు. అంకెలన్నీ సరైనవే. అయినా ఐదింటిలోనూ క్రియ దగ్గర ఏదో ఒకటి కుంటుతోంది. వ్యాకరణానికి 7 బ్యాండ్ ఇవ్వాలంటే పరీక్షకులు చూసేవాటిలో ఒకటి, తప్పు లేని వాక్యాలు తరచుగా కనబడుతున్నాయా అన్నది. వాక్యానికి ఒక చిన్న టెన్సు తప్పు ఉంటే, తప్పు ఎంత చిన్నదైనా, తప్పు లేని వాక్యాల లెక్క సున్నా దగ్గరే ఉంటుంది. ఆమె బ్యాండ్ ఎందుకు కదలడం లేదో నాకు అక్కడ అర్థమైంది.

ముందు ఆ టెన్సులను ఎలా ఎంచుకున్నారో ఆమెనే అడిగాను. దిద్దడం కంటే ఇది ముఖ్యం, ఎందుకంటే తప్పు వెనక ఒక నియమం ఉంటుంది. ఆ నియమం పైకి రాకుండా వాక్యాన్ని మార్చితే మర్నాడు అదే తప్పు ఇంకో చార్టు మీద వస్తుంది. ఆమె చెప్పిన నియమాలు మూడు. చాలా కాలం కింద జరిగితే "హ్యాడ్" పెట్టాలి. ఈమధ్య జరిగితే "హ్యాజ్" పెట్టాలి. కొంతకాలం పాటు సాగితే "ఇంగ్" పెట్టాలి. 1951 చాలా దూరం కాబట్టి హ్యాడ్ రైజెన్. 2011 కొంచెం దగ్గర కాబట్టి హ్యాజ్ ఫాలెన్. ఇరవై ఏళ్లు సాగింది కాబట్టి ఈజ్ ఇంక్రీజింగ్.

ఇవి ఆమె కల్పించుకున్నవి కావు. మన బడుల్లో పట్టిక రూపంలో టెన్సులు బట్టీ పట్టినవారిలో ఎంతోమంది ఇవే చెబుతారు. వీటి వెనక తెలుగు కూడా ఉంది. "పల్లెల వాటా 68.8 శాతానికి తగ్గింది" అన్న వాక్యం 2011లో పత్రికలో వచ్చినా సరిపోతుంది, ఈరోజు చరిత్ర పుస్తకంలో రాసినా సరిపోతుంది. "తగ్గింది" రెండింటికీ చాలు. ఇంగ్లిషు అక్కడ ఫెల్ కావాలా, హ్యాజ్ ఫాలెన్ కావాలా తేల్చుకోమంటుంది. మనకు అలవాటు లేని తేడా కాబట్టి దానికి ఒక కారణం వెతుక్కుంటాం. "దూరం, దగ్గర" అన్న కారణం సులువుగా తోస్తుంది. కానీ అది సరైన కారణం కాదు.

ఇక్కడ నేను వాడే పద్ధతి పెన్సిలుతో మొదలవుతుంది. వాక్యం రాయకముందే చార్టు మీద నిలువుగా ఒక గీత గీయాలి. దాని కింద "ఇప్పుడు" అని రాయాలి. రాసేవారు ఎక్కడ నిలబడి చూస్తున్నారో ఆ గీత చెబుతుంది. తరవాత రెండు ప్రశ్నలు. నేను చెప్పబోయే మార్పు ఆ గీతకు ఎడమవైపే ముగిసిపోయిందా, గీతను తాకుతోందా, దాటి కుడివైపుకు పోతోందా? మార్పు పొడవునా చూపిస్తున్నానా, లేక ఒక చోట ఆగి వెనక్కి తిరిగి చూస్తున్నానా?

ఈ చార్టులో ఆ గీత ఎక్కడ గీయాలి? ఆమె పెన్సిలు 2011 దగ్గరే ఆగింది. "సర్, 2011 తరవాత జనగణన జరగలేదు కదా. మన దగ్గరున్న ఆఖరి లెక్క అదే. అంటే ఇప్పటి లెక్క అదే కాదా?" అన్నారు.

మంచి ప్రశ్న. 2021లో జరగాల్సిన జనగణన వాయిదా పడింది కాబట్టి ఆఖరి జనగణన అంకె 2011దే అన్నది నిజం. కానీ ఆఖరి అంకె వేరు, ఇప్పటి స్థితి వేరు. 2011లో ఆ ఫలితాలు వెలువడిన వారంలో ఒక పత్రిక "ద రూరల్ షేర్ హ్యాజ్ ఫాలెన్ టు 68.8 పర్సెంట్" అని రాస్తే అది చక్కటి ఇంగ్లిషు. ఆ రోజున ఆ అంకె వర్తమానం. తగ్గడం జరిగిపోయినా దాని ఫలితం కళ్లముందు ఉంది. అదే అంకెను అదే చార్టులోంచి ఈరోజు ఎత్తి రాస్తే ఫెల్ అనాలి, ఎందుకంటే 68.8 అన్నది ఇప్పటి స్థితి అని ఎవరూ అనలేరు. అంకె మారలేదు, గీత మారలేదు. చూసేవాడు నిలబడిన చోటు మారింది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు కావాల్సింది సంఘటన ఈమధ్యే జరగడం కాదు, ఇప్పటికీ అంటిపెట్టుకుని ఉండటం.

హ్యాజ్ ఫాలెన్ వాక్యంలో ఇంకో తప్పు కూడా ఉంది, దాన్ని పట్టుకోవడం ఇంకా తేలిక. వాక్యం చివర "ఇన్ 2011" ఉంది. ముగిసిపోయిన ఒక సంవత్సరాన్ని పేరుపెట్టి చెప్పాక ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కు అక్కడ చోటు లేదు. "ఇన్ 2011", "బిట్వీన్ 1951 అండ్ 1971", "ఫ్రమ్ 1991 టు 2011" ఇవన్నీ రెండు కొసలూ మూసేసిన పెట్టెలు. వాటిలో ఇమిడేది సింపుల్ పాస్ట్: ఫెల్, రోజ్. హ్యాజ్ ఫాలెన్‌కు ఒక కొస తెరిచి ఉండాలి. "సిన్స్ 1951" అంటే మొదలు ఉంది, ముగింపు ఇప్పటి దాకా తెరిచి ఉంది. అందుకే దానితో హ్యాజ్ ఫాలెన్ కుదురుతుంది, ఫెల్ కుదరదు. అయితే సిన్స్ వాడాలంటే చార్టు ఈనాటి దాకా రావాలి. 2011లో ఆగిన గీత మీద "సిన్స్ 1951" అంటే చార్టు చెప్పని ఏళ్ల గురించి మనం హామీ ఇచ్చినట్టవుతుంది.

కాబట్టి ఆమెకు చెప్పినది ఇది: క్రియకు ముందు కాలాన్ని చెప్పే మాట రాసుకోండి, క్రియ ఆ తరవాత. చాలామంది క్రియను ముందు రాసి, వాక్యం చివర సంవత్సరాలు తగిలిస్తారు. అప్పుడు రెండూ కొట్టుకుంటాయి. వాక్యాన్ని "బిట్వీన్ 1951 అండ్ 2011" అని మొదలుపెడితే చెయ్యి దానంతట అదే ఫెల్ వైపు పోతుంది. వాక్యాలన్నీ ఒకేలా మొదలవుతాయన్న బెంగ సాధన చేసే రోజుల్లో అనవసరం. టెన్సు కుదిరాక ఆ మాటను చివరికి జరుపుకోవచ్చు.

మూడో వాక్యం, ఈజ్ ఇంక్రీజింగ్, ఈ పద్ధతితో వెంటనే దిద్దుకుపోయింది. "పెరుగుతూ వచ్చింది" అన్న తెలుగు ఊహలోంచి ఇంగ్ వచ్చింది. ఇరవై ఏళ్ల పెరుగుదలైనా పెట్టె మూసేశాక ఇంగ్లిషుకు రోజ్ చాలు. ఈజ్ ఇంక్రీజింగ్ అంటే నేను రాస్తున్న ఈ క్షణంలో పెరుగుతోందని. సాగింపు చూపించాలంటే దాన్ని టెన్సుతో కాకుండా "స్టెడిలీ" లాంటి ఒక మాటతో చూపించాలి. మొదటి వాక్యంలోని షోడ్ కూడా ఇలాంటిదే. అంకెలు పాతవైనా చార్టు మన ముందే ఉంది, ఇప్పుడే చూపిస్తోంది. అందుకని అది షోస్.

"హ్యాడ్" దగ్గర ఎక్కువసేపు ఆగాల్సి వచ్చింది. మనవాళ్ల ఇంగ్లిషులో హ్యాడ్‌కు ఉన్నంత గిరాకీ ఇంకే సహాయక క్రియకూ లేదు. జరిగిపోయినదానికల్లా హ్యాడ్ తగిలిస్తే గాంభీర్యం వస్తుందన్న భ్రమ ఆఫీసు ఉత్తరాల నిండా కనబడుతుంది. ఆమె "1951 చాలా దూరం కదా" అన్నారు. దూరంతో దానికి పని లేదు. అశోకుడి కాలం గురించి కూడా సింపుల్ పాస్ట్‌లోనే రాస్తాం. గతంలోనే ఒక చోట నిలబడి, అంతకుముందు ఏమైందో వెనక్కి తిరిగి చూసినప్పుడే పాస్ట్ పర్ఫెక్ట్ అవసరం పడుతుంది. 1951 నుంచి 1971 దాకా ఏం జరిగిందో వరసగా చెప్పేటప్పుడు ఎవరూ వెనక్కి తిరగడం లేదు. కాబట్టి రోజ్ స్లోలీ.

మరి ఈ చార్టులో హ్యాడ్‌కు చోటే లేదా? ఉంది. ఒక చిన్న మాటతో అది తెరుచుకుంటుంది: బై. "బై 2011, ద రూరల్ షేర్ హ్యాడ్ ఫాలెన్ టు 68.8 పర్సెంట్." 2011 నాటికి అన్నాం. అంటే 2011లో నిలబడి వెనక్కి చూశాం, అప్పటికే తగ్గడం పూర్తయింది. ఇన్ అంటే ఆ సంవత్సరంలో, బై అంటే ఆ సంవత్సరం నాటికి. తెలుగులో "లో", "నాటికి" అన్న తేడా మనకు బాగా తెలుసు. దాన్ని క్రియ దాకా తీసుకెళ్లడమే కొత్త.

ఈ మెలిక అర్థమైన రోజున పని సగం తగ్గుతుంది, ఎందుకంటే పర్ఫెక్ట్ అన్న పేరున్న మూడు టెన్సులూ ఒకటే పని చేస్తాయి. అన్నీ ఒక చోట నిలబడి వెనక్కి చూస్తాయి. నిలబడే చోటే వేరు. 2011లో నిలబడితే హ్యాడ్ ఫాలెన్. ఇప్పుడు నిలబడితే హ్యాజ్ ఫాలెన్. 2050లో నిలబడినట్టు ఊహించుకుంటే విల్ హ్యావ్ ఫాలెన్. పల్లెల వాటా గురించే మూడూ రాయించాను. మధ్యదానికి అంకె వేయకుండా ఖాళీ వదలమన్నాను, చార్టులో ఇప్పటి అంకె లేదు కాబట్టి. ఆ ఖాళీ ఆమెకు నా వివరణ కంటే బాగా పని చేసింది. హ్యాజ్ ఫాలెన్ వాడాలంటే చార్టు ఏం ఇవ్వాలో, ఈ చార్టు ఏం ఇవ్వడం లేదో ఒక్కచోటే కనబడింది.

బై దగ్గర ఒక ముల్లు ఉంది, అది చెప్పకుండా వదలకూడదు. అదే మాట మార్పు ఎంతో కూడా చెబుతుంది. 82.7 నుంచి 68.8కి వచ్చింది కాబట్టి "ఫెల్ బై 13.9 పర్సెంటేజ్ పాయింట్స్". ఇక్కడ బై పక్కన ఉన్నది సంవత్సరం కాదు, పరిమాణం. కాబట్టి ఇది పర్ఫెక్ట్‌ను కోరదు. బై కనబడగానే హ్యాడ్ పెట్టే కొత్త అలవాటు ఆమెకు రాబోతుంటే ఇక్కడే ఆపాను. బై తరవాత ఉన్నది క్యాలెండరులో దొరికేదా, దొరకనిదా అని చూస్తే చాలు.

ఇక ఐదో వాక్యం. "విల్ రీచ్ టు" అన్నదాంట్లో టు అనవసరం. "52.8 శాతానికి చేరుతుంది" అని మనం అనుకుంటాం, ఆ "కి" ఇంగ్లిషులో టు అయి కూర్చుంటుంది. ఫాల్, రైజ్ రెండింటికీ టు కావాలి, రీచ్‌కు వద్దు. ఇది టెన్సు తప్పు కాకపోయినా విల్ రీచ్‌ను అంటుకునే వస్తుంది, ఆమె రాతలో అన్నిటికంటే మొండిగా నిలిచింది కూడా ఇదే.

టు తీసేస్తే "విల్ రీచ్ 52.8 పర్సెంట్ ఇన్ 2050" అన్నది వ్యాకరణపరంగా సరైన వాక్యం. అయినా ఆ ఒక్క వాక్యాన్నీ అలా ఉంచడానికి నేను ఒప్పుకోలేదు. చుక్కల గీత ఎవరో వేసిన అంచనా. విల్ రీచ్ అంటే ఆ అంచనాను రాసేవారు తమ మాటగా, ఖాయంగా చెప్పినట్టు. 2050లో పట్టణాల వాటా ఎంతో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. చార్టు చెబుతున్నది ఒక అంచనా ఉందని మాత్రమే. దాన్ని ఇంగ్లిషు "ఈజ్ ప్రొజెక్టెడ్ టు రీచ్" అంటుంది. "ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు రీచ్" కూడా చెల్లుతుంది. ఈ రూపంలో వర్తమానం ఎందుకు వచ్చిందో గమనించాలి. చేరడం భవిష్యత్తులో ఉంది, అంచనా మాత్రం ఇప్పుడు ఉంది. ఈజ్ ఆ అంచనాది, టు రీచ్ భవిష్యత్తుది.

విచిత్రమేమిటంటే తెలుగులో ఈ జాగ్రత్త మనకు సహజంగానే ఉంది. "2050 నాటికి పట్టణ జనాభా వాటా 52.8 శాతానికి చేరుతుందని అంచనా" అని ఏ పత్రికైనా రాస్తుంది. "అంచనా" అన్న మాట లేకపోతే చదివేవారికి వెలితిగా ఉంటుంది. ఆమెను ఈ చార్టు గురించి తెలుగులో చెప్పమంటే ఆమె కూడా "అని అంచనా" అనే ముగించారు. ఇంగ్లిషులోకి వచ్చేసరికి ఆ మాట జారిపోయింది. తెలుగులో అది వాక్యం చివర వస్తుంది, ఇంగ్లిషులో క్రియకు ముందే రావాలి. చివర చేర్చుకుందాంలే అనుకునేలోపు విల్ రీచ్ రాసేసి ఉంటాం, వాక్యం ముగిసిపోయి ఉంటుంది.

ఈ రూపం నేర్చుకునేటప్పుడు వచ్చే కొత్త తప్పులు కూడా ముందే తెలుసు. "ఈజ్ ఎక్స్‌పెక్టింగ్ టు రీచ్" అని రాస్తారు. వాటా దేన్నీ ఆశించదు, ఆశించేది మనుషులు. "ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు బి రీచ్డ్" అని రాస్తారు, పాసివ్ ఒకసారి వచ్చాక రెండోసారి కూడా రావాలేమో అన్న అనుమానంతో. ఈ అలవాటు వెనక్కి పాకి "వాజ్ ఫాలెన్" కూడా పుట్టిస్తుంది. ఫాల్‌కు కర్మ లేదు, కాబట్టి పాసివ్ లేదు. ఆమె రాతలో ఈ మూడింటిలో మొదటిది వచ్చింది, రెండు చార్టుల తరవాత పోయింది.

విల్‌ను పూర్తిగా నిషేధించాలని కాదు. అంచనా అని ఒకసారి స్పష్టంగా చెప్పాక, దాని నీడలో వచ్చే తరవాతి వాక్యంలో విల్ హాయిగా వాడుకోవచ్చు. "ఇఫ్ దిస్ ప్రొజెక్షన్ హోల్డ్స్" అని మొదలుపెట్టినా విల్ కుదురుతుంది. ప్రతి వాక్యంలోనూ ఈజ్ ప్రొజెక్టెడ్ అంటే చదివేవారికి విసుగు పుడుతుంది. అది భాష మీద పట్టు ఉన్నట్టు కాక, భయం ఉన్నట్టు కనబడుతుంది.

రెండో రాతలో అదే భాగం ఇలా వచ్చింది:

"ద గ్రాఫ్ షోస్ హౌ ఇండియాస్ పాపులేషన్ వాజ్ డివైడెడ్ బిట్వీన్ రూరల్ అండ్ అర్బన్ ఏరియాస్ ఫ్రమ్ 1951 టు 2011, విత్ ప్రొజెక్షన్స్ టు 2050."

"బిట్వీన్ 1951 అండ్ 1971, ద అర్బన్ షేర్ రోజ్ స్లోలీ, ఫ్రమ్ 17.3 టు 19.9 పర్సెంట్."

"బై 2011, ఇట్ హ్యాడ్ క్లైమ్డ్ టు 31.2 పర్సెంట్, వైల్ ద రూరల్ షేర్ హ్యాడ్ ఫాలెన్ టు 68.8."

"ద అర్బన్ షేర్ ఈజ్ ప్రొజెక్టెడ్ టు రీచ్ 52.8 పర్సెంట్ ఇన్ 2050, బై విచ్ టైమ్ ఇట్ విల్ హ్యావ్ ఓవర్‌టేకెన్ ద రూరల్ షేర్."

నాలుగో వాక్యం ఆమె సొంతం, నేను చెప్పింది కాదు. చుక్కల గీతలు 2045 దరిదాపుల్లో దాటుకుంటాయి. ఆ సంవత్సరం చార్టు మీద అంకెగా లేదు కాబట్టి దాన్ని పేర్కొనడం ప్రమాదం. "2050 నాటికి దాటేసి ఉంటుంది" అంటే చార్టు చూపించినంతే చెప్పినట్టు. ఫ్యూచర్ పర్ఫెక్ట్ ఇలా నిజంగా అవసరమైన చోట రావడం అరుదు. ముందు సగంలో ఈజ్ ప్రొజెక్టెడ్ ఉంది కాబట్టి తరవాతి విల్ కూడా దాని నీడలోనే ఉంది.

హ్యాజ్ ఫాలెన్ ఎక్కడా రాలేదని ఆమెకు కొంచెం అసంతృప్తి. టెన్సులు ఎన్ని రకాలు వాడితే అన్ని మార్కులని ఎవరో చెప్పారట. అది తప్పు సలహా. చార్టు అడగని టెన్సును ప్రదర్శన కోసం తెచ్చిపెట్టడం వల్లనే సగం తప్పులు పుడతాయి. రెండు మూసిన సంవత్సరాల మధ్య చార్టు ఇస్తే రాత మొత్తం సింపుల్ పాస్ట్‌లో నడిచినా లోటు లేదు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ ఒక్కసారి కూడా లేని మంచి టాస్క్ 1 జవాబులు ఎన్నో ఉంటాయి.

అయినా దాన్ని సరైన చోట చూపించడానికి ఇంకో చార్టు ఇచ్చాను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య, అంటే సంతాన సాఫల్య రేటు. మొదటి సర్వేలో, 1992–93లో, 3.4. ఐదో సర్వేలో, 2019–21లో, 2.0. మధ్యలో 2.9, 2.7, 2.2. చుక్కల గీత లేదు. ఈ ఐదో సర్వే ఫలితాలు వెలువడినప్పుడు కేంద్ర ప్రభుత్వ ప్రకటన "తగ్గింది" అనడానికి ప్రెజెంట్ పర్ఫెక్ట్‌నే వాడింది. ఆ రోజున అది తాజా వార్త, అప్పటి స్థితి. ఇప్పుడు అదే గీతను వర్ణించేవారు రెండు రకాలుగా రాయవచ్చు. సంవత్సరాలు చెప్పే వాక్యంలో ఫెల్: 1992–93లో 3.4 నుంచి 2019–21లో 2.0కి. సంవత్సరం చెప్పకుండా, జనాభా నిలకడగా ఉండటానికి కావాల్సిన 2.1 కంటే దిగువకు చేరిందన్న ఫలితాన్ని చెప్పే వాక్యంలో హ్యాజ్ ఫాలెన్: "ద రేట్ హ్యాజ్ ఫాలెన్ బిలో 2.1." అక్కడ తేదీ లేదు, నిలిచి ఉన్న స్థితి ఉంది.

ఆమె వెంటనే పట్టుకున్నారు: జనగణన చార్టులో వద్దన్నది ఇక్కడ ఎలా కుదిరింది? 2019–21 కూడా గడిచిపోయిందే. నిజమే. ఇక్కడ నియమం కంటే నిర్ణయం ఎక్కువ. 2.1 దిగువకు దిగిన రేటు మళ్లీ పైకి లేచిందనుకోవడానికి కారణం లేదు, కాబట్టి "దిగింది, అలాగే ఉంది" అనడం సమంజసం. పల్లెల వాటా అలాంటిది కాదు. అది దశాబ్దానికి దశాబ్దం కదులుతూనే ఉంది, కాబట్టి 68.8 అన్న ఖచ్చితమైన అంకె ఇప్పటిది కాలేదు. అంకెను కాక హద్దును చెబితే ఆ వాక్యమూ నిలబడుతుంది: "డెబ్భై శాతం కంటే దిగువకు తగ్గింది" అన్నదానికి హ్యాజ్ ఫాలెన్ వేస్తే నేను కొట్టేయను. పరీక్షలో మాత్రం ఇంత సందేహం ఉన్నప్పుడు సంవత్సరం పెట్టి ఫెల్ రాయమనే చెబుతాను. దాన్ని ఎవరూ తప్పు పట్టలేరు.

ఈ పద్ధతికి లొంగని చార్టులు కొన్ని ఉన్నాయి. సాధన పుస్తకాల్లో ఎప్పుడో తయారైన చార్టులు 2015 నుంచి చుక్కల గీత మొదలుపెట్టి 2020 దాకా అంచనా చూపిస్తాయి. ఆ భవిష్యత్తు మనకు గతం. "ఈజ్ ప్రొజెక్టెడ్ టు రీచ్" అంటే వింతగా వినబడుతుంది, రోజ్ అంటే జరిగిందో లేదో తెలియనిదాన్ని జరిగిందన్నట్టు అవుతుంది. అంచనా ఎప్పటిదో చార్టు చెబితే "వాజ్ ప్రొజెక్టెడ్ టు రీచ్" అన్నిటికంటే నిజాయితీగా ఉంటుంది. చెప్పకపోతే పెన్సిలు గీతను చుక్కలు మొదలైన చోట గీసి, చార్టు గీసినవారి పక్కనే నిలబడి రాయడం మేలు. ఏది ఎంచుకున్నా చివరి దాకా అక్కడే ఉండాలి. ఒక పేరాలో వాజ్ ప్రొజెక్టెడ్, ఇంకో పేరాలో విల్ అంటే రెండు గడియారాలు నడుస్తున్నట్టు ఉంటుంది.

ఇంకోటి, అసలు సంవత్సరమే లేని చార్టు. ఏ వయసువారు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతారు వంటివి. అడ్డంగా ఉన్న అక్షం మీద వయసులు ఉంటాయి, కాలం ఉండదు. గీత కిందికి దిగుతుంది కాబట్టి ఆమె మొదట ఫెల్ అని రాశారు. అక్కడ ఏదీ కాలంలో పడిపోలేదు. వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది, అంతే. దానికి సింపుల్ ప్రెజెంట్, ఫాల్స్. "ఇప్పుడు" గీత గీయడానికి చోటు దొరకని చార్టు ఏదైనా అది ఈ కోవలోకే వస్తుంది. పెన్సిలు పట్టుకుని చోటు కోసం వెతికి, దొరక్క ఆమె తల ఎత్తినప్పుడు నేను వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.